ఒక్కటే ఫ్యాక్టరీ, మూడెకరాల చెరకు: నా అనుభవం

2024 అక్టోబర్‌లో మా నాన్న బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ ఇక్కడే బెంగళూరులో చేయించి కేఆర్ పురంలో మా ఫ్లాట్‌కే తెచ్చుకున్నాం, డాక్టర్ మూడు నెలలు ఊరి మాట ఎత్తొద్దన్నాడు. మంచం మీద పడుకున్న మనిషి మొదటి రోజు నుంచీ ఒకటే గోల, చెరకు ఏమవుతుందిరా అని. నేను అకౌంట్స్‌లో పనిచేస్తా, పదిహేనేళ్లుగా బెంగళూరే, చెరకు గురించి నాకు తెలిసిందల్లా చిన్నప్పుడు దొంగతనంగా విరుచుకుని తిన్నదే. సరే ఈ ఒక్క సీజన్ నేను చూసుకుంటాలే నాన్నా, ఫోన్లు చేయడమేగా అన్నా. ఆ ఫోన్లే నాలుగు నెలలు నడిచాయి.

మాది తుంగభద్ర ఆయకట్టులో ఒక క్యాంపు. డ్యామ్ కట్టాక మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు, అందుకే కర్ణాటకలో ఉన్నా ఇంట్లో, వీధిలో తెలుగే. వరి ఎక్కువ, మాకు మాత్రం మూడెకరాలు చెరకు ఉంది, కో 86032 రకం. అది అప్పటికి రెండో పిలక తోట, అంటే ఒకసారి ముచ్చెలు నాటి మొదటి పంట కొట్టాక ఆ మొదళ్ల నుంచే మళ్లీ వచ్చినదాన్ని రెండోసారి పెంచుతున్నాం. అంతకుముందు కోత 2023 డిసెంబర్ 10న అయింది. పిలక తోట పదకొండు నెలలకే తయారవుతుంది కాబట్టి 2024 నవంబర్ చివరికో డిసెంబర్ మొదటి వారానికో కొట్టేయాలి.

మాకు దగ్గర్లో ఉన్న చక్కెర ఫ్యాక్టరీ ఒక్కటే, 22 కిలోమీటర్లు (పేరు చెప్పను). ఇంకోటి ఉంది కానీ 60 కిలోమీటర్లు పైనే.

నాకు మొదట్లో ఇందులో గొడవేముంటుందో అర్థం కాలేదు, ఎందుకంటే రేటు ఫ్యాక్టరీ చేతిలో లేదు కదా, కేంద్రం ఎఫ్ఆర్‌పీ అని ప్రతి సీజన్‌కీ ప్రకటిస్తుంది, అంతకంటే తక్కువ ఇవ్వకూడదని చట్టం. 2024-25కి క్వింటాల్ 340 రూపాయలు, అంటే టన్ను 3400. మాకు 120 టన్నుల దాకా వస్తాయని నాన్న అంచనా. నేను సెల్ ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి నాలుగు లక్షల ఎనిమిది వేలు నాన్నా అన్నా. ఆయన నొప్పితో ఉండి కూడా నవ్వాడు.

ఆ నవ్వు వెనక లెక్క తర్వాత తెలిసింది. ఆ 340 అనేది 10.25 శాతం రికవరీకి, అంటే వంద కేజీల చెరకు ఆడితే పదింపావు కేజీల చక్కెర రావాలి. అంతకంటే తగ్గిన ప్రతి 0.1 శాతానికీ క్వింటాల్ మీద 3.32 రూపాయలు తగ్గుతుంది, 9.5 శాతం దాకా తగ్గుతూ పోయి అక్కడ 315.10 దగ్గర ఆగుతుంది, పెరిగితే అదే లెక్కన పెరుగుతుంది. ఆ రికవరీ మా చెరకుది కాదు, మొత్తం ఫ్యాక్టరీది, అదీ పోయిన సీజన్ సగటు. మా ఫ్యాక్టరీది 9.75 వచ్చింది, అంటే అర శాతం తక్కువ, ఐదు మెట్లు, 16.60 పోయి క్వింటాల్ 323.40. టన్నుకి 3234. ఇది ఫ్యాక్టరీ గేటు దగ్గర రేటు. కోత, రవాణా ఫ్యాక్టరీయే చేయిస్తుంది కానీ ఆ ఖర్చు మన బిల్లులోంచే కోస్తుంది, మాకు టన్నుకి 780 పడింది. 3234లోంచి 780 తీస్తే 2454. టీవీలో 3400 అని స్క్రోలింగ్ వెళ్తుంటే చేతికొచ్చేది 2454. ఇందులో మోసం ఏమీ లేదు, అన్నీ రూల్ ప్రకారమే. మోసం లేకుండానే ఇంత తేడా ఉంటుందని నాలాంటి ఫ్లాట్ వాడికి తెలీదు అంతే.

నవంబర్ మధ్యలో క్రషింగ్ మొదలైంది. కటింగ్ ఆర్డర్ అని ఒకటి ఉంటుంది, ఫలానా రైతు ఫలానా సర్వే నంబర్ ఫలానా తేదీన కొట్టొచ్చు అని ఫ్యాక్టరీ ఇచ్చే చీటీ. అది లేకుండా చెరకు కొట్టి తీసుకెళ్తే గేటు లోపలికి రానివ్వరు. ఎవరు ముందు నాటారో వాళ్లకి ముందు అని సీనియారిటీ లిస్ట్ ఉంటుంది, పిలక తోటకి పోయిన కోత తేదీయే లెక్క. నవంబర్ 25న ఫ్యాక్టరీ తరఫున మా క్యాంపులు చూసే ఫీల్డ్‌మ్యాన్‌కి ఫోన్ చేశా. ఆయన కన్నడ మనిషి, మా క్యాంపుల్లో తిరిగి తిరిగి తెలుగు బాగానే మాట్లాడతాడు. "డిసెంబర్ ఫస్ట్ వీక్ అణ్ణా, నీళ్లు ఆపేయండి" అన్నాడు. కోతకి మూడు వారాల ముందు నీళ్లు ఆపితే చెరకులో నీరు తగ్గి తీపి చేరుతుంది, అందుకే అందరూ ఆపుతారు. మా జీతగాడికి చెప్పి ఆపించా.

డిసెంబర్ మొదటి వారం పోయింది, రెండో వారం "ఈ వారం కోత గ్యాంగ్ లేదు అణ్ణా", మూడో వారం "యార్డులో బండ్లు ఫుల్ అయిపోయాయి", క్రిస్మస్‌కి ఫోన్ ఎత్తలేదు. నేను హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం పొద్దున దిగి ఆదివారం రాత్రి బండికి తిరిగొచ్చి సోమవారం ఆఫీసులో కునికిపాట్లు పడుతూ కూర్చునేవాణ్ణి, అలా ఐదుసార్లు తిరిగా.

ఒకసారి వెళ్లేటప్పుడు ఆన్‌లైన్‌లో చెరకు తీపి చూసే బ్రిక్స్ మీటర్ కొనుక్కుని వెళ్లా, చిన్న టార్చ్‌లైట్ అంత ఉంటుంది, గాజు మీద రెండు చుక్కల రసం వేసి మూత మూసి వెలుగు వైపు చూస్తే నీలం తెలుపు కలిసిన చోట గీత కనిపిస్తుంది. డిసెంబర్ 8న చేల్లో నాలుగు మూలలా, నడుమ కలిపి ఐదు గెడలు నరికి చూశా, మొదలు దగ్గర 21, కొస దగ్గర 19 చిల్లర. మొదలుకీ కొసకీ తేడా తక్కువుందంటే పక్వానికి వచ్చినట్టే. జనవరి చివర్లో మళ్లీ చూస్తే 22 దాటింది. నేను అబ్బో ఇంకా తియ్యగా అయిందని సంబరపడి నాన్నకి ఫోన్ చేస్తే ఆయన "గెడ బరువు చూశావా" అన్నాడు. చీల్చి చూస్తే నడుమ బెండు పడింది, దూదిలా తెల్లగా. అంటే నీరు ఆరిపోయి రసం చిక్కబడింది, అందుకే రీడింగ్ పెరిగింది. ఆ మీటర్ రసంలో కరిగిన పదార్థం మొత్తం చూపిస్తుంది, అందులో గడ్డకట్టే చక్కెర ఎంతో చెప్పదు, అదనపు రోజులు నిలబడిన చెరకులో కొంత చక్కెర విరిగి గ్లూకోజ్ లాంటివిగా మారినా మీటర్‌కి తెలీదు. అది పట్టాలంటే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పోలారిమీటర్ ఉండాలి.

ఇక్కడ నాకు ఒక విషయం తట్టింది. మనకి డబ్బులిచ్చేది బరువు మీద, రేటేమో పోయిన సీజన్ సగటు రికవరీ మీద ముందే ఖరారైంది. చేల్లో ఆరిన నీరు మన జేబులోంచి పోయినట్టే. ఫ్యాక్టరీకి మాత్రం అదే చక్కెర తక్కువ టన్నుల్లో వస్తోంది, అంటే తక్కువ డబ్బుకి. చక్కెర మరీ విరిగిపోయేదాకా ఆలస్యం అయితే వాళ్లకీ నష్టమే, కానీ మొదటి ఆరేడు వారాల నష్టం దాదాపు అంతా మనదే.

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో పద్మక్క ఉంటుంది, కర్నూలు వైపు ఆవిడ, డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయింది. నాన్నని చూడ్డానికి వచ్చినప్పుడు నేను ఫీల్డ్‌మ్యాన్‌ని తిడుతుంటే విని, అతన్ని తిట్టి లాభం లేదు, నీది మోనోప్సొనీ బాధ అంది. అమ్మేవాడు ఒక్కడే అయితే మోనోపొలీ, కొనేవాడు ఒక్కడే అయితే మోనోప్సొనీ, 1933లో జోన్ రాబిన్సన్ అనే ఆవిడ వాడుకలోకి తెచ్చిన మాట. నేను అన్నా, రేటు గవర్నమెంట్‌దైతే ఒక్కడే ఉంటే ఏంటక్కా, పది మంది ఉంటే ఏంటి అని. ఆవిడ నాన్న మందుల చీటీ వెనకే లెక్క వేసింది.

ఎఫ్ఆర్‌పీ లేదనుకో అంది. ఫ్యాక్టరీ టన్ను 2900 పెట్టి 5 లక్షల టన్నులు కొంటోంది, 145 కోట్లు. ఇంకో 20 వేల టన్నులు కావాలంటే రేటు 3000 చేయాలి అనుకో, అప్పుడే అటు వరి వేసేవాళ్లు ఇటు వస్తారు. కానీ కొత్తగా వచ్చినవాళ్లకి మాత్రమే 3000 అంటే పాతవాళ్లు ఊరుకోరు, అందరికీ ఇవ్వాలి. 5.2 లక్షల టన్నులు 3000 చొప్పున 156 కోట్లు. అంటే 20 వేల టన్నుల కోసం 11 కోట్లు ఎక్కువ, ఆ అదనపు టన్ను ఒక్కోటి 5500 పడ్డట్టు. టన్ను చెరకు ఆడితే వచ్చే చక్కెర, మొలాసిస్, పిప్పి అన్నీ కలిపినా అంత రాదు. అందుకని వాడు రేటు పెంచడు, తక్కువ కొని తక్కువ రేటుకే ఉండిపోతాడు. పక్కనే ఇంకో ఫ్యాక్టరీ ఉంటే ఈ లెక్క చెల్లదు, ఎందుకంటే పెంచకపోతే ఉన్న 5 లక్షల టన్నులు కూడా అటు పోతాయి. సరే, ఇప్పుడు గవర్నమెంట్ వచ్చి రేటు ఇంతకు తగ్గకూడదు అంది. వాడి బలం ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు, రేటు కాని వాటిలోకి వెళ్తుంది అంది. ఎప్పుడు కొట్టాలి, ఎట్లా తూచాలి, డబ్బు ఎప్పుడివ్వాలి. నువ్వు ఇంకెక్కడికైనా పోగలవా లేదా అన్నదే అసలు ప్రశ్న, పోలేవని వాడికి తెలిస్తే చాలు.

నాకు రోషం వచ్చి, పోగలనా లేదా చూద్దాం అని నిజంగానే వెతికా.

మొదట 60 కిలోమీటర్ల అవతల ఫ్యాక్టరీ. వాళ్ల ఫీల్డ్ ఆఫీసులో ఒకాయన మర్యాదగా మాట్లాడి, మా ఏరియా చెరకే జనవరి దాటేదాకా అవదు సార్, ఫిబ్రవరిలో మాకు తక్కువైతే చూద్దాం అన్నాడు. రవాణా లెక్క వేస్తే టన్నుకి ఇంకో 350 దాకా పోయేలా ఉంది, పైగా కొట్టిన చెరకు ఒకటి రెండు రోజుల్లో బరువూ తీపీ దిగజారుతుంది, దూరం పెరిగే కొద్దీ అదీ నష్టమే. ఫ్యాక్టరీల మధ్య కనీసం 15 కిలోమీటర్లు దూరం ఉండాలని కేంద్రం రూల్ కూడా ఉంది, 2006లో చెరకు కంట్రోల్ ఆర్డర్‌లో చేర్చారు. చెరకు చాలక ఫ్యాక్టరీలు మూతపడకుండా అని కారణం చెబుతారు, అందులోనూ అర్థం ఉంది. 2012లో చక్కెర రంగం మీద కేంద్రం వేసిన రంగరాజన్ కమిటీ మాత్రం ఈ దూరం రూల్, ఫ్యాక్టరీకింత ఏరియా అని కేటాయించడం రెండూ తీసేయాలని రాసింది. ఆ కమిటీ చెప్పిన వాటిలో లెవీ చక్కెర, అంటే రేషన్ కోసం ఫ్యాక్టరీలు గవర్నమెంట్‌కి తక్కువ రేటుకి ఇవ్వాల్సిన వాటా, తీసేయడం మరుసటి ఏడాదే అమలైంది, దూరం రూల్ మాత్రం ఉండిపోయింది.

రెండోది బెల్లం గానుగ. 12 కిలోమీటర్లలో ఒకాయనది ఉంది. కోత కూడా వాళ్లదే, చేలో లెక్కన టన్నుకి 2300, వారంలో నగదు అన్నాడు. ఫ్యాక్టరీ వాళ్ల 2454 కంటే 154 తక్కువ, కానీ డిసెంబర్‌లోనే కొట్టేస్తే బరువు పోదు కదా అని నాకు ఆశ పుట్టింది. టన్ను చెరక్కి వంద కేజీలు అటూ ఇటూ బెల్లం వస్తుంది, ఆయన రేటు బెల్లం మార్కెట్‌ని బట్టి ఉంటుంది, ఎవరి దయా కాదు. చిక్కేమిటంటే ఆయన పొయ్యిలు రోజుకి పది టన్నులకి మించి లాగవు, అప్పటికే మార్చి దాకా బుక్ అయిపోయి ఉంది. నాలాంటి వాళ్లు అందరూ ముందే అక్కడికి పరిగెత్తారన్నమాట. పైగా ఫ్యాక్టరీతో అగ్రిమెంట్ ఉంది, బయట అమ్మితే వచ్చే ఏడు ఎరువులూ ఉండవు, రిజిస్ట్రేషనూ ఉండదు అని ఫీల్డ్‌మ్యాన్ నవ్వుతూనే అన్నాడు.

నాన్న అప్పుడు చెప్పిన మాట నాకు పద్మక్క చీటీ కంటే బాగా అర్థమైంది. 2023లో కర్ణాటకలో కరువు, చెరకు తక్కువ. ఆ ఏడు ఇదే ఫీల్డ్‌మ్యాన్ నవంబర్‌లోనే ఇంటికొచ్చి కాఫీ తాగి, ఎప్పుడు కొట్టమంటారు అని అడిగాడట, డిసెంబర్ 10న గ్యాంగ్ దిగింది. అదే ఫ్యాక్టరీ, అదే చట్టం, అదే మనిషి. ఈ ఏడు చెరకు ఎక్కువైంది, అంతే తేడా.

చివరికి 2025 ఫిబ్రవరి 3న ఆర్డర్ వచ్చింది, పద్నాలుగు నెలల తోట. గ్యాంగ్ విజయపుర వైపు నుంచి వచ్చినవాళ్లు, భార్యాభర్తలు జోడీగా కోస్తారు. వాళ్లకి ఫ్యాక్టరీ ఇచ్చే కూలీ మీద మనం 9000 అదనంగా ఇవ్వాలి, ట్రాక్టర్ డ్రైవర్‌కి ట్రిప్పుకి 500 "ఎంట్రీ", ఇవేవీ ఏ కాగితంలోనూ ఉండవు. గ్యాంగ్ మీద నాకు కోపం లేదు, చంటిపిల్లల్ని చెరకాకుల మీద పడుకోబెట్టి కోస్తుంటే ఏం బేరం చేస్తాం.

ఆరు లోడ్లు అయింది. ఒక లోడ్‌ని, డ్రైవర్‌ని బతిమాలి, దారిలో ప్రైవేట్ కాటా మీద ఎక్కించా. ఫ్యాక్టరీ కాటాలో పడ్డ దానికంటే అక్కడ 330 కేజీలు ఎక్కువ. ఎగిరి గంతేశా దొరికారని. తర్వాత నిదానంగా ఆలోచిస్తే నేను చేసింది సగం పనే. ఖాళీ ట్రాక్టర్‌ని ప్రైవేట్ కాటా మీద తూచలేదు, ఫ్యాక్టరీ వాళ్లు తీసుకున్న ఖాళీ బరువు వేరు, మధ్యలో డీజిల్ కాలింది, రోడ్డు మీద కొన్ని గెడలు రాలాయి, అన్నిటికంటే ముఖ్యం ఆ బండి యార్డులో పద్నాలుగు గంటలు ఎండలో నిలబడింది. 330లో ఎంత కాటా తప్పు, ఎంత ఆరుదల అన్నది నేను చెప్పలేను. చేసేవాళ్లు ఎవరైనా ఉంటే లోడు, ఖాళీ రెండూ అదే ప్రైవేట్ కాటా మీద తూచి రెండు చీటీలూ ఉంచుకోండి, టైమ్ కూడా రాసుకోండి, లేకపోతే వాదన నిలబడదు. ఆరుదల అయినా సరే క్యూ వాళ్లది, నష్టం మనది, అది వేరే సంగతి.

మొత్తం 104 టన్నులు. నాన్న అంచనా 120. ఆయన అంచనా ముప్పై ఏళ్లలో రెండు మూడు టన్నులకి మించి తప్పలేదంటాడు, అది నాన్నల గొప్ప అనుకుని కొంత తీసేసినా పది పన్నెండు టన్నులు ఆ రెండు నెలల్లో ఆరిపోయినట్టే. 16 టన్నులనుకుంటే 2454 చొప్పున 39 వేలు పైనే. ఈ నష్టం ఏ బిల్లులోనూ కనపడదు. ఫిర్యాదు చేద్దామన్నా ఏమని రాస్తాం, రాని చెరక్కి డబ్బులివ్వలేదనా?

బిల్లు 3,36,336, అందులో కోత రవాణా 81,120 పోతే 2,55,216 రావాలి. చివరి లోడ్ ఫిబ్రవరి 6న వెళ్లింది. చెరకు కంట్రోల్ ఆర్డర్ 1966 ప్రకారం 14 రోజుల్లో, అంటే ఫిబ్రవరి 20 లోపల డబ్బు పడాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. మార్చి 25న లక్షన్నర పడింది, మిగతా 1,05,216 మే 30న. మధ్యలో నాన్న ఫిజియోథెరపీకి నేను క్రెడిట్ కార్డ్ గీకాను. వడ్డీ లెక్క వేశా, మొదటి 33 రోజులకి మొత్తం మీద 3,461, తర్వాత 66 రోజులకి మిగిలినదాని మీద 2,854, కలిపి 6,315 రూపాయలు. చిన్న మొత్తమే, ఒక్క రైతు దీని కోసం పని మానుకుని తిరగడు. కానీ కొన్ని వేల మంది రైతుల డబ్బు మూడు నెలలు వడ్డీ లేకుండా ఫ్యాక్టరీ దగ్గర తిరిగితే అది బ్యాంకు ఇవ్వని అప్పు. పక్కనే ఇంకో ఫ్యాక్టరీ ఉండి వారంలో డబ్బులిస్తుంటే ఇది నడుస్తుందా?

నేను అకౌంట్స్ వాణ్ణి కాబట్టి పట్టుకున్నా. ఫ్యాక్టరీకి రిజిస్టర్డ్ పోస్ట్‌లో లెక్క పంపించా, తూకం చీటీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్ జత చేసి. మూడు వారాలకి జవాబు వచ్చింది, ఒకే పేరా, మీ అగ్రిమెంట్‌లో పదకొండో షరతు చూసుకోండి అని. అగ్రిమెంట్ కాపీ మా ఇంట్లో బీరువాలో పట్టుచీరల కింద దొరికింది. కన్నడలో చిన్న అక్షరాల్లో, ఫ్యాక్టరీ ఆర్థిక వెసులుబాటును బట్టి విడతలుగా చెల్లించడానికి రైతు ఒప్పుకుంటున్నాడు అని ఉంది, కింద నాన్న సంతకం. ఆయన ఏళ్ల తరబడి కర్ణాటకలో కన్నడ మాట్లాడుతూ బతుకుతున్నాడు కానీ చదవడం రాదు. వస్తే మాత్రం ఏం చేసేవాడు, సంతకం పెట్టకపోతే రిజిస్ట్రేషన్ లేదు.

కంట్రోల్ ఆర్డర్ మళ్లీ తీసి చదివా. పద్నాలుగు రోజుల వాక్యం మొదట్లోనే ఉంది, రాతపూర్వకంగా ఇందుకు భిన్నమైన ఒప్పందం లేకపోతే, అని. ఆ ముక్క నేను ఎన్నిసార్లు చదివినా కంటికి ఆనలేదు. బేరమాడే ఇద్దరికీ సమాన బలం ఉన్నచోట ఆ ముక్కకి అర్థం ఉంది, కొనేవాడు ఒక్కడే ఉన్నచోట చట్టానికి అది తలుపు సందు. వడ్డీ గురించిన వాక్యంలో మాత్రం ఆ మినహాయింపు ముక్క లేదు. కాబట్టి విడతలకి ఒప్పుకున్నా వడ్డీ వదులుకున్నట్టు కాదు అని నా వాదన, ఒప్పుకున్నాక ఆలస్యమే లేదు కదా అని వాళ్ల వాదన. నేను లాయర్ని కాను, ఎవరిది నిలుస్తుందో చూడాలి. ఇక్కడ బెంగళూరులోనే చెరకు కమిషనర్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకున్నా. అక్కడ నాకు ముందు నిలబడ్డ పెద్దాయన బాగల్‌కోట్ నుంచి రాత్రంతా బస్సులో వచ్చాడట, నేను మెట్రోలో నలభై నిమిషాల్లో వచ్చానని చెప్పడానికి సిగ్గేసింది. అది ఇంకా నడుస్తూనే ఉంది.

ఈలోగా నాన్న కర్ర సాయంతో నడవడం మొదలుపెట్టి ఊరెళ్లిపోయాడు. పోతూనే ఒక పని చేశాడు, నన్ను అడగలేదు. మూడెకరాల్లో ఒక ఎకరం మొదళ్లు దున్నించి వరి వేశాడు. మిగతా రెండెకరాలు మూడో పిలకకి ఉంచాడు. ఇంకో క్యాంపులో నలుగురు కలిసి కొత్తగా గానుగ పెడుతున్నారని తెలిసి జూన్‌లోనే వెళ్లి ఒక ఎకరం చెరకు వాళ్లకని మాట ఇచ్చి, ఐదు వేలు అడ్వాన్స్ తీసుకుని చీటీ రాయించుకున్నాడు. ఫ్యాక్టరీ అగ్రిమెంట్ ఈసారి ఒక్క ఎకరానికే, అదీ ఆ కాగితం ఫోటో నాకు వాట్సాప్‌లో పంపి, నేను కన్నడ కొలీగ్‌తో చదివించాకే సంతకం. పదకొండో షరతు అలాగే ఉంది, పెన్నుతో కొట్టేస్తే తీసుకోం అన్నారట, కొట్టకుండానే పెట్టాడు.

2025 అక్టోబర్ చివర్లో ఒక సాయంత్రం సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఉండగా ఫోన్ మోగింది, ఫీల్డ్‌మ్యాన్. నేను చేయకుండా ఆయనే చేయడం ఇదే మొదటిసారి. ముందు నాన్న కాలు ఎలా ఉందని అడిగాడు, తర్వాత మెల్లగా, గానుగకి ఎంత ఇస్తున్నారట అణ్ణా, ఒక ఎకరమేనా రెండూనా, మాకు ఇస్తానంటే జనవరి మొదట్లోనే ఆర్డర్ వేయిస్తా అన్నాడు.

కాన్ఫరెన్స్‌లో నాన్నని కలిపా. ఆయన రెండు నిమిషాలు కుశల ప్రశ్నలు వేసి, "చూద్దాంలే, తేదీ కాగితం మీద రాసి పంపమను" అని పెట్టేశాడు.